చేయని తీసివేత

"మీ పట్టిక ఒప్పుకున్నరు!" అని కంపౌండర్ ఈశ్వరయ్య గుమ్మంలోనే అరిచి, తాను అప్పటికే విప్పి చదివిన లకోటా నా చేతికిచ్చాడు. మంగళవారం పొద్దున. నేను అప్పుడే జామకాయ కోసి ఉప్పు అద్దుకుంటున్నాను. ఆ ఉప్పు చేత్తోనే కాగితం విప్పాను. ఉర్దూలో, అందమైన దస్తూరీతో ఉంది. రాసినావిడ పట్నంలో ఆడపిల్లల బోర్డింగు బడి పెద్దమ్మ.

ఇబ్రహీంపట్నం దవాఖాన నుంచి వచ్చిన పరీక్ష పట్టిక తమకెంతో నచ్చిందట. ఇంత శుభ్రంగా లెక్క వేసి పంపిన తాలూకా ఇంకొకటి లేదట. స్వరాజ్యం అనే పిల్లను చేర్చుకున్నారు, గురువారం పొద్దున హాజరు కావాలి. బడి పిల్లలందరి ఎత్తూ బరువూ రాసిన రిజిస్టరు ఉందని విన్నారట. దానికీ ఇలాగే లెక్క వేసి శుభ్రమైన ప్రతి పంపిస్తే మిగతా తాలూకాలకు నమూనాగా చూపిస్తారట.

నేను చదువుతూనే ఒక గంతు వేశాను. ఈశ్వరయ్య నవ్వు దాచుకోలేక, "డాక్టర్ సాబుకు నేను జెప్పాల్నా, మీరే జెప్తరా అమ్మా?" అన్నాడు.

"నేనే చెప్త. నువ్వు చెప్తివంటే నీకు జామకాయ లేదు."

మా పెళ్ళయి అయిదు నెలలు. మా ఆయన పేరు విద్యాసాగర్, ఇక్కడి సర్కారు దవాఖానలో డాక్టరు. నేను పట్నంలో కాలేజీలో గణితం చదివాను. ఈ ఊళ్ళో నాకు అన్నీ పండగే. దవాఖాన వెనక రెండు గదుల ఇల్లు, పొద్దున కిటికీలోంచి పడే ఎండ ముక్క, సైకిలు ముందు కడ్డీ మీద నన్ను కూర్చోబెట్టుకుని ఆయన ఎవరూ చూడని దారుల్లో తొక్కడం. అన్నిటికంటే పెద్ద పండగ లాగరిథం పుస్తకం. కొత్త పెళ్ళికూతురికి ఎవరైనా చీరె కొంటారు. మా ఆయన నాకు లాగరిథం పట్టికలు కొని, మొదటి పుట మీద "నా లెక్కల పంతులమ్మకు" అని రాసిచ్చారు.

పట్నం బోర్డింగు మా తాలూకాకు రెండు చోట్లు ఇచ్చింది. ఇద్దరు పిల్లలు అర్జీ పెట్టారు. ఒకతె స్వరాజ్యం, పదిహేనేళ్ళది, ఊరి భూములు గుత్తకు పట్టిన మక్తేదారుకు అన్నగారి కూతురు. ఇంకొకతె రుక్కమ్మ, పన్నెండేళ్ళది, చెరువులో చేపలు పట్టే శివయ్య బిడ్డ. బోర్డింగులో అందరూ ఒకే గదిలో పడుకుంటారు కనుక క్షయ ఉన్న పిల్లలు రాకూడదని వాళ్ళ భయం. ఛాతీ పరీక్షతో పాటు, పిల్ల ఎత్తుకు తగిన బరువు ఉందో లేదో ఒక అంకెలో చెప్పమన్నారు. ఏ అంకె అన్నది డాక్టరుకే వదిలేశారు.

మా ఆయన చదువుకున్న నోటుబుక్కులో రెండు పద్ధతులు ఉన్నాయి. మొదటిది పాతది. కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించాలి. రెండోది వాళ్ళ ప్రొఫెసరు జర్మన్ పుస్తకాల నుంచి తెచ్చింది. అదే బరువును ఎత్తు ఘనంతో భాగించాలి. ఎదిగే పిల్లలకు ఇదే మేలని ప్రొఫెసరు చెప్పాడట. ఎందుకు మేలో మా ఆయన రాసుకోలేదు. ఆ రోజు ఆయనకు జ్వరమట.

వర్గం లెక్క నాకు కాలేజీ నుంచే తెలుసు. మా హాస్టలుకు వచ్చే లేడీ డాక్టరుకు లెక్కలు రాసిపెట్టేదాన్ని. అరవై మంది అమ్మాయిల్లో పదిహేడుకు తక్కువ వచ్చింది నలుగురికే. ఆ నలుగురూ నిజంగానే జబ్బు మనుషులు. అందుకని నేను పదిహేడు దగ్గర గీత గీశాను.

"ఘనం గూడ ఒకసారి జూద్దామా? రుక్కమ్మ ఛాతీల నాకేం వినబడలే. మంచిగనే ఉన్నది," అన్నారు మా ఆయన, పట్టిక వేసిన రోజు.

"ఘనమా? పిల్లను తూకం వేస్తున్నమా, నీళ్ళ గోలెం నింపుతున్నమా?" అన్నాను నేను. ఆయన నవ్వేశారు. నేను నవ్విస్తే ఆయన దేనికైనా ఒప్పుకునే రోజులు అవి.

రుక్కమ్మ ఎత్తు ఒక మీటరు ముప్పై ఆరు సెంటీమీటర్లు, బరువు అరవై అయిదు పౌన్లు, అంటే ఇరవై తొమ్మిదిన్నర కిలోలు. అంకె 15.9. స్వరాజ్యం ఎత్తు ఒక మీటరు యాభై ఎనిమిది, బరువు తొంభై నాలుగు పౌన్లు. అంకె 17.1. స్వరాజ్యం గీత దాటింది. రుక్కమ్మ పేరు పక్కన "ఎత్తుకు తగిన బరువు లేదు, ఛాతీ అనుమానం" అని నేను రాశాను, మా ఆయన దస్కత్ చేశారు.

అది జరిగి మూడు వారాలు. ఇప్పుడు ఈ ఉత్తరం. అడుగున ఇంకో వాక్యం ఉందని గంతులు అయిపోయాక చూశాను. "మీ తాలూకా నుంచి ఒక్క పిల్లే తగినది అయినందున రెండో చోటును గురువారం మరో తాలూకాకు ఇస్తున్నాము." అప్పుడు నాకు అది పెద్దగా తగల్లేదు. అయ్యో అనుకుని, కొత్త నిబ్బు వెతుక్కున్నాను.

దవాఖానలో ఆయన ముందు ఉత్తరం ఊపి, ఆయన మొహం వెలగడం చూసి, ఇంటికొచ్చి రిజిస్టరు ముందేసుకున్నాను. బడిలో నూట నలభై మంది పిల్లలు. ఈ సంవత్సరం ఎండాకాలానికి ముందు మా ఆయనా ఈశ్వరయ్యా అందరినీ గోడకు నిలబెట్టి కొలిచారు, తూచారు. ఇంతవరకూ అవి వట్టి కొలతలే. స్వరాజ్యానికీ రుక్కమ్మకూ తప్ప ఎవరికీ నేను లెక్క వేయలేదు.

పదకొండేళ్ళ పిల్లలతో మొదలుపెట్టాను. 14.6. గీతకు తక్కువ. 15.1. తక్కువ. 14.3. తక్కువ. 14.9. తక్కువ. ఇరవై రెండు మంది పదకొండేళ్ళ పిల్లల్లో గీత దాటింది ఒక్కడే. వాడు మిఠాయి దుకాణం వాళ్ళ వాడు. మిగతా ఇరవై ఒక్కరికీ క్షయ అనుమానమేనా? వాళ్ళలో సగం మంది పొద్దుగూకేదాకా మా దవాఖాన గోడ మీద కోతుల్లా తిరిగేవాళ్ళే.

నా లెక్క తప్పిందేమోనని మళ్ళీ వేశాను. తప్పలేదు. పదమూడేళ్ళ వాళ్ళ సగటు 16. పదహారేళ్ళ వాళ్ళది 18. వయసుతో పాటు అంకె మెట్లెక్కుతోంది. నేనేమో పద్దెనిమిది, పందొమ్మిదేళ్ళ కాలేజీ అమ్మాయిల మెట్టు మీద గీత గీసి, పన్నెండేళ్ళ పిల్లను దాని కింద నిలబెట్టాను.

మా ఆయన నోటుబుక్కు తీశాను. ఘనం లెక్క. లాగరిథంలో అది కష్టమేమీ కాదు. బరువు లాగరిథంలోంచి ఎత్తు లాగరిథం రెండుసార్లు తీసేస్తే వర్గం లెక్క. మూడోసారి తీసేస్తే ఘనం లెక్క. అంతే. ఒక్క తీసివేత.

రుక్కమ్మది తీశాను. 11.7.

స్వరాజ్యంది తీశాను. 10.8.

అంకెలు తారుమారు అయ్యాయి. ఎత్తుకు నిండుగా ఉన్నది రుక్కమ్మ. సన్నంగా సాగి ఉన్నది స్వరాజ్యం. తర్వాత అందరికీ తీస్తూ పోయాను. పదకొండేళ్ళ వాళ్ళ సగటు 11.2. పదమూడేళ్ళ వాళ్ళది 11.3. పదహారేళ్ళ వాళ్ళది 11.4. మెట్లు పోయి నేల సమం అయింది. ఈ వయసు పిల్లలకు ఒక్క గీత గీయాలంటే ఈ నేల మీదే గీయాలి. నాకు ఏడుపు వచ్చింది.

మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి ఆయనకు నేను వంటింట్లో నేల మీద నీళ్ళ మధ్య కనిపించాను. పెళ్ళిలో మా అమ్మ పెట్టిన ఇత్తడి చెంబూ బిందే ముందున్నాయి. ఒకే కంచరి చేసినవి, అచ్చం ఒకే పోలిక. చెంబు జానెడు, బిందె రెండు జానలు.

"ఏమైంది? నీళ్ళెందుకు ఒలకబోసినవ్?"

"లెక్కబెట్టున్రి. బిందెలకు ఎన్ని చెంబులు పడ్తయో."

ఆయన గుమ్మంలోనే నిలబడి లెక్కపెట్టారు. ఎనిమిదో చెంబు సగం దాటాక బిందె పొర్లింది.

"ఎత్తు రెండింతలైతే నీళ్ళు దగ్గర దగ్గర ఎనిమిదింతలు," అన్నాను. "రెండూ ఒకే ఆకారం. బిందె లావు గాదు, చెంబు బక్క గాదు. కానీ ఎత్తు వర్గంతో భాగిస్తే ఎనిమిదిని నాలుగుతో భాగించినట్టు. బిందెకు రెండు, చెంబుకు ఒకటి. చెంబును చూసి, దీనికి జబ్బు, బిందెల సగమే ఉన్నది అన్నట్టున్నది నా లెక్క. ఘనంతో భాగిస్తే రెండూ ఒకటే."

ఆయన పీట లాక్కుని కూర్చున్నారు.

"మరి పెద్దోళ్ళకు వర్గం ఎట్ల సరిపోతున్నది?"

"పెద్దోళ్ళు పొడుగైనంత మాత్రాన అన్ని దిక్కులా అంతే పెరగరు గదా. వాళ్ళకు వర్గం చాలు. ఎదిగే పిల్లలు చెంబులోంచి బిందె అయితున్నరు. మన రిజిస్టరే చెప్తున్నది, చూడున్రి."

రిజిస్టరు చూపించాను. ఆయన వేలు ఒక్కో వరుస మీద జరిగి, రుక్కమ్మ దగ్గర ఆగింది.

"చిన్న పిల్లలకు? నాలుగేండ్లు, అయిదేండ్లు?"

"వాళ్ళ కొలతలు మన దగ్గర లెవ్వు. వాళ్ళకు ఇదే గీత అని నేను అనను. ఇగ తెలువనిది చెప్ప."

"తెలువనిది చెప్ప," అని ఆయన మెల్లగా మళ్ళీ అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది. "దస్కత్ నాది. ఛాతీ మంచిగున్నదని నా చెవులు జెప్పినయి. నేను గీతనే నమ్మిన."

"నేను నవ్వించిన."

"నవ్విస్తే నవ్వెటోడు డాక్టరెట్లయితడు?" అన్నారు. ఆ పూట ఇద్దరం సరిగా తినలేదు.

పొద్దు వాలకముందే ఇద్దరం చెరువు కట్ట దిగి బెస్తవాడకు నడిచాం. రిజిస్టరు నా చంకలో ఉంది. సైకిలు తీయలేదు. ముందు కడ్డీ మీద కూర్చుని వెళ్ళే పని కాదది.

శివయ్య ఇంటి ముందు వలలు ఆరుతున్నాయి. అతని భార్య సిద్దమ్మ వల చిరుగులు కుడుతోంది. అరుగుకు అవతలి కొసన, తాటాకు పందిరి కింద, వేరే చాప మీద రుక్కమ్మ కూర్చుని ఉంది. పక్కన వేరే మూకుడు, వేరే ముంత. నేను తిన్నగా వెళ్ళి ఆ చాప మీదే కూర్చున్నాను.

"గా చాప మీద కూసోకమ్మా," అంది సిద్దమ్మ సూది ఆపి. "మీరే గదా రాసింది, ఛాతీ అనుమానమని. గా మాట బడిల అందరికి తెలిసింది. మాకు తెల్వదా అనుమానమంటే ఏందో? పంతులు బడికి రావొద్దన్నడు. నీళ్ళకాడ మా కుండ ఎనుకకు జరుపుతున్నరు. మా అత్త దీని మూకుడు ఏరు వెట్టింది."

"నీ బిడ్డెకు ఏం లేదు సిద్దమ్మా," అన్నారు మా ఆయన. "మాది తప్పు."

శివయ్య లోపలి నుంచి వచ్చాడు. చేతిలో చిన్న మూట. "తప్పా? సర్కారు కాగితం తప్పయితదా సాబ్?"

"అయితది. గిప్పుడైంది."

"ఎట్ల?"

నేను చెప్పాను. పదిహేడు గీత, కాలేజీ అమ్మాయిలు, చెంబూ బిందే అన్నీ చెప్పాను. చెబుతూ ఉంటే నా మాటలు నాకే చిన్నపిల్ల సాకుల్లా వినిపించాయి. శివయ్య మధ్యలో, "అంటే వేలెడు చందమామ చేపను పెద్ద బొచ్చె చేప పక్కన బెట్టి, ఇది బతకదన్నట్టు," అన్నాడు.

"అవ్," అన్నాను. "గట్లనే."

"చేపలు వట్టెటోడు గీ తప్పు జెయ్యడమ్మా. ఏ చేప పిల్లనో, ఏది చిన్న జాతిదో మా చేతులకు తెలుస్తది." తిట్టినట్టు కాదు, ఉన్నమాట చెప్పినట్టు అన్నాడు. నేను తల ఎత్తలేకపోయాను.

రుక్కమ్మ అంతసేపూ నా చంకలోని రిజిస్టరునే చూస్తోంది. "అక్కా, నా లెక్క నువ్వే జేసినవా?"

"నేనే."

"జూపియ్యి."

చూపించాను. లాగరిథం దానికి తెలియదు. కానీ పక్కన నేను ఇద్దరి లెక్కా మామూలు భాగహారంలో వేసి చూసుకున్న కాగితం ఉంది. దాన్ని దగ్గరికి లాక్కుని, పెదాలు కదుపుతూ, వేలితో నేల మీద గీస్తూ మొదటి నుంచీ చేసింది. వర్గం దగ్గర తల ఊపింది. ఘనం దగ్గర ఇంకోసారి గుణించి ఆగింది.

"గింతేనా? ఇంకొకసారి ఎత్తుతోని భాగిస్తే అయిపోయెనా?"

"గింతే."

"నన్ను పిలుస్తే నేనే చేద్దును గదా. నాకు భాగారాలొస్తయి." దాని గొంతులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువ ఉంది. "మూడు వారాలైంది నేను మా తమ్ముని ఎత్తుకోక."

సిద్దమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. మా ఆయన చెవి గొట్టం తీసి, అందరి ముందూ రుక్కమ్మ ఛాతీ ముందూ వెనకా నిదానంగా విన్నారు. గాలి పీల్చమన్నారు, దగ్గమన్నారు. ఎంతసేపు విన్నారంటే పక్కింటి వాళ్ళు గడపల్లోకి వచ్చి నిలబడ్డారు.

"మంచిగున్నది. మొన్న గూడ మంచిగనే ఉండె," అన్నారు.

"గీ మూట ఏందన్నా?" అని నేను శివయ్యను అడిగాను.

"మా చెల్లె బొంగులూరుల ఉంటది. రేపు పొద్దుగాల దీన్ని ఆడికి తోలుదామని. మేకలకాడ ఉంటది. ఈడ ఉంటే అందరు జూసి జరుగుతున్నరు."

"రేపు తోలకు. పట్నంల రెండో చోటు ఉన్నది. గురువారం దాన్ని ఇంకోళ్ళకు ఇస్తరు. ఇయ్యాల మంగళారం."

"ఇస్తరా మరి మా బిడ్డెకు?"

ఇస్తారని చెప్పాలని నాలుక కొస దాకా వచ్చింది. మూడు వారాల కింద అయితే చెప్పేసేదాన్ని. "తెలువదన్నా. పోయి అడుగుతం. తప్పు మాదే అని రాసి దస్కత్ చేసి ఇస్తం. వాళ్ళు పట్టికను మెచ్చుకున్నరు. గా పట్టికనే తప్పని మేమే చెప్పాలె."

"మరి స్వరాజ్యం?" అంది రుక్కమ్మ ఉన్నట్టుండి. "గా అక్క అంకె నా కంటె తక్కువొచ్చింది గదా. ఆమెను తీసేస్తరా?"

ఆ ప్రశ్న నేను దారంతా మోసుకొచ్చాను. మా ఆయన జవాబు చెప్పారు. "అంకె తక్కువైతే జబ్బని గాదు బిడ్డా. ఆ తప్పే నీకు చేసినం, ఆమెకు చెయ్యం. పొడుగు సాగుతున్నది, మంచిగ తిననియ్యమని రాస్త. చోటు ఆమెది ఆమెకే."

రుక్కమ్మ తల ఊపి మళ్ళీ కాగితం చూసుకుంది. ఎవరైనా ఈ పిల్లను ఒక్కసారి చూసి, నాలుగు లెక్కలు అడిగి ఉంటే, పక్కన ఏ అంకె అక్కర్లేకుండానే పంపించేవాళ్ళు. పరీక్ష రోజు నేను చూశాను. నవ్వుతూ తూకం మీద నిలబెట్టాను. దాని మొహం చూడలేదు, ముల్లు చూశాను.

సిద్దమ్మ సూదిని వలకు గుచ్చి లేచింది. పందిరి కింద ఉన్న మూకుడూ ముంతా తీసుకుని లోపలికి వెళ్ళింది. లోపల అత్తతో ఏదో గట్టిగా అనడం వినిపించింది. మళ్ళీ వచ్చి కొంగు నడుముకు చుట్టుకుని మా ముందు నిలబడింది.

"చోటు ఇయ్యని, ఇయ్యకపోని, అది తర్వాతి మాట. ముందుగాల నా వాడకట్టుకు జెప్పాలె. మీ ఇంట్ల మీరు లెక్క దిద్దుకుంటే నా కుండ ముందుకు జరగదు."

"చెప్త," అన్నారు మా ఆయన.

"గిట్ల నాలుగు గడపలకు గాదు సాబ్. రేపు పొద్దుగాల ఆడోళ్ళందరు బాయికాడ ఉంటరు. ఆడికి రాన్రి. మీరు గా గొట్టం తెండ్రి, అమ్మ పుస్తకం తెస్తది. 'తప్పు మాది, పిల్లది గాదు' అని మీ నోట మీరే అనాలె. పంతుల్ని గూడ నేనే పిలిపిస్త. అన్నంక ఆడికెల్లి సీదా బస్సుకు. నేనొస్త, ఈయనొస్తడు, బిడ్డె వస్తది. పట్నపు పెద్దమ్మ ముంగట గూడ గదే మాట అనాలె."

"అంటం," అన్నాను నేను.

"మొదటి బస్సు సూర్యుడు ఎక్కకముందే పోతది," అన్నాడు శివయ్య మూట విప్పి, లోపలి బట్టలను రుక్కమ్మ ఒళ్ళో వేస్తూ. "బాయికాడికి ఇంకా ముందుగాల రావాలె."

"వస్తం," అన్నారు మా ఆయన. "ఆరు గొట్టకముందే ఉంటం."